దళారి ఎక్కడ నిలబడి తీశాడు?

పెద్దకడుబూరులో ఇల్లు కట్టుకోవాలనుకునేవాళ్లలో చాలామంది ఆ ఆలోచన వచ్చేసరికి ఊళ్లో ఉండరు. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి పత్తి తీతకూ మిరప కోతకూ గుంటూరు వైపు సుగ్గికి పోయినవాళ్లు ఉంటారు. బెంగళూరులో కట్టడం పనుల్లో కుదురుకున్నవాళ్లు ఉంటారు. చదువుకుని హైదరాబాదులో ఉద్యోగం వెతుక్కున్నవాళ్లూ ఉంటారు. సొంతూరి దగ్గర ఐదు సెంట్లు కొనాలని నలుగురికి చెప్పిపెడితే, వారం తిరిగేలోపు ఫోను నిండా ఫొటోలు చేరతాయి. ఆదోని దళారి ఒక కట్ట పంపుతాడు, ఎమ్మిగనూరు దళారి ఇంకో కట్ట. ఊళ్లో మధ్యవర్తిగా తిరిగే పెద్దమనిషి ఊగిపోయే వీడియో ఒకటి పంపి "చూడు నాయనా, బంగారం లాంటి సైటు" అంటాడు.

అన్నింట్లోనూ ఒకే ఆకాశం, ఒకే నేల. వీటిలో ఏది చూడటానికి బస్సెక్కాలో, ఏది కూర్చున్నచోటే కొట్టేయాలో తేల్చుకోవడం పెద్ద ప్రశ్న. రోడ్డు, వాలు, చుట్టుపక్కల అనే మూడింటి గురించి ఫొటో ఎంతవరకు నిజం చెబుతుంది, ఎక్కడ మోసం చేస్తుంది, ఎక్కడ నోరు విప్పదు అన్నదే ఈ సమీక్ష. ఒక్క ఫొటో చూస్తే ఎవరికైనా మాయ తప్పదు. పక్కపక్కన పెట్టి చూస్తే చాలా సంగతులు బయటపడతాయి.

ముందు తేల్చుకోవలసింది, వచ్చినవి ఎన్ని ప్లాట్లు అన్నది. అమ్మేవాడు ఒక్కడే అయినా అతని స్థలం గురించి ముగ్గురు దళారులకు తెలిసి ఉంటుంది. ఒకరి నుంచి ఒకరికి ఫొటో దాటినప్పుడల్లా ధరకు కొంత తోడవుతుంది. వాట్సాప్‌లో ఫొటో మీద Forwarded అనే చిన్న మాట కనిపిస్తే, పంపినవాడు దాన్ని స్వయంగా తీయలేదని అర్థం. అతను ఆ స్థలంలో కాలు పెట్టి ఉండకపోవచ్చు కూడా. ఒకే ప్లాటు అవునో కాదో పట్టివ్వడానికి నేల పనికిరాదు. కదలని వస్తువులు పట్టిస్తాయి. కరెంటు స్తంభం మీద రంగుతో రాసిన అంకెలు, ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె, తల విరిగిన కంచె కడ్డీ, ఒక పక్క కొమ్మలు నరికిన వేపచెట్టు, పక్కింటి గోడ మీద పెచ్చులూడిన చోటు ఇలాంటివి. ఒక కట్టలో ఈ గుర్తులు ఎడమ నుంచి కుడికి ఏ వరసలో ఉన్నాయో, రెండో కట్టలోనూ అదే వరసలో ఉంటే అది ఒకే ప్లాటు. వరస తిరగబడితే అదే ప్లాటును అవతలి వైపు నుంచి తీశారు.

ఈ వ్యాసం పొడుగునా తోడు రావడానికి ఒక ఉదాహరణ అనుకుందాం. మూడు చోట్ల నుంచి మూడు కట్టల ఫొటోలు వచ్చాయి. మూడూ "ఐదు సెంట్లు, 33 ఇంటూ 66" అనే చెబుతున్నాయి. ఆ కొలత ఊరికే పుట్టింది కాదు. సర్వే గొలుసు పొడుగు 66 అడుగులు, అందులో నూరు లింకులు. ఒక గొలుసు పొడుగు, అర గొలుసు వెడల్పు అంటే 2,178 చదరపు అడుగులు, సరిగ్గా ఐదు సెంట్లు. ఆదోని దళారి నాలుగు ఫొటోలు పంపాడు, వాటిలో ఎర్రటి గరుసు రోడ్డు తళతళలాడుతోంది. ఎమ్మిగనూరు దళారివి రెండే, కొంచెం మసక. ఊరి మధ్యవర్తిది వీడియో. స్తంభం అంకెలు, విరిగిన కడ్డీ సరిపోల్చి చూస్తే ఆదోని ఫొటోలూ ఊరి వీడియో ఒకే ప్లాటువని తేలింది. చెప్పిన ధరలు మాత్రం రెండు. ఇక మిగిలినవి రెండు ప్లాట్లే. ఈ పని పావుగంటలో అయిపోతుంది, అయినా దీన్ని చేసేవాళ్లు తక్కువ.

తర్వాత చూడాల్సింది, తీసినవాడు ఏ లెన్సుతో, ఎక్కడ నిలబడి తీశాడన్నది. ఇప్పటి ఫోన్లలో 0.5x అని ఉండే వెడల్పు లెన్సు ఒకే చోట నిలబడి మామూలు లెన్సు కన్నా చాలా ఎక్కువ మేర పట్టేస్తుంది. దాంతో దూరంగా ఉన్న ప్రతిదీ దాదాపు సగం పరిమాణంలో పడుతుంది. సగం కనిపించేది రెట్టింపు దూరంలో ఉన్నట్టు కంటికి తోస్తుంది కాబట్టి, 66 అడుగుల లోతున్న స్థలం నూట ముప్పై అడుగుల మైదానంలా విచ్చుకుంటుంది. పన్నెండు అడుగుల దారి రాజమార్గమైపోతుంది. దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. ఫొటో అంచుల దగ్గర స్తంభాలు పక్కకు ఒరిగిపోయి ఉంటాయి, ప్రహరీగోడ విల్లులా వంగుతుంది, ఒక్కోసారి కింది అంచులో తీసినవాడి చెప్పులు కూడా పడతాయి. దీనికి తిరగబడిన మాయ జూమ్. దూరం నుంచి జూమ్ చేసి తీస్తే ఊరి నీళ్ల ట్యాంకు ప్లాటు వెనక గోడకు ఆనుకున్నట్టు కనిపిస్తుంది. "ఊరికి ఆనుకునే ఉంది" అనే మాటకు సాక్ష్యంగా వచ్చే ఫొటోలు ఎక్కువగా ఈ రకానివే.

రెండు కట్టలను పోల్చాలంటే రెండూ ఒకే లెన్సుతో తీసినవై ఉండాలి. కాబట్టి దళారిని అడగాల్సిన మొదటి మాట "1x లో పెట్టి, ప్లాటు నాలుగు మూలల్లో నిలబడి ఎదురు మూలవైపు ఒక్కో ఫొటో తియ్యన్నా" అన్నది. మూల నుంచి మూలకు తీస్తే దాచడానికి చోటు తక్కువ. అవే ఫొటోలను వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమంటే ఇంకా మేలు. మామూలుగా పంపిన ఫొటోలోంచి తీసిన వేళ, చోటు, లెన్సు వివరాలను వాట్సాప్ తుడిచేస్తుంది. డాక్యుమెంటుగా పంపితే అవి ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. ఫొటో కింద అక్షాంశ రేఖాంశాలు ముద్ర వేసే యాప్‌లను అంతగా నమ్మనక్కర్లేదు. వాటిలో చాలా వరకు చోటును చేత్తో మార్చుకునే వీలుంది.

రోడ్డు సంగతికి వస్తే, ఫొటో దారిని చూపగలదు, హక్కును చూపలేదు. పడమటి కర్నూలులో ఈ తేడా మరీ ఎక్కువ. ఎండాకాలం పంట తీసేసిన నల్లరేగడి చేలో ట్రాక్టరు నాలుగుసార్లు తిరిగితే చక్కని దారి పడుతుంది. ఫొటోలో అది రోడ్డే. జూన్‌లో చేను దున్నితే మాయమవుతుంది. ఎండిన వంక కూడా దారిలాగే కనిపిస్తుంది, పైగా బళ్లు నిజంగానే అందులో తిరుగుతుంటాయి. అది వంకో దారో చెప్పడానికి గుర్తులున్నాయి. వంకలో నేల ఇసుకగా, గులకరాళ్లతో ఉంటుంది. ఒక ఒడ్డు కోసుకుపోయి నిటారుగా ఉంటుంది. పక్కనున్న సర్కారు తుమ్మ పొదల్లో మోకాలెత్తున చెత్తా ప్లాస్టిక్ సంచులూ చిక్కుకుని ఉంటాయి. ఆ చెత్త ఎత్తే అక్కడ నీరు వచ్చిన ఎత్తు.

ఇంకో మాయ ఈ ప్రాంతానిదే. తుంగభద్ర దిగువ కాలువ ఈ పడమటి మండలాల మీదుగా సాగుతుంది. దాని గట్టు మీద తనిఖీ కోసం వేసిన దారి నిటారుగా, గరుసు పరిచి, ఫొటోకు పుట్టినట్టు ఉంటుంది. ఆ దారి నీటిపారుదల శాఖది. కాలువను చూసుకోవడానికి వేసింది. దాని మీద రోజూ బళ్లు తిరుగుతున్నా, దాన్ని ఇంటిదారిగా చూపించి ప్లాన్ మంజూరు చేయించుకోవాలంటే తలనొప్పే. మన ఉదాహరణలో ఆదోని దళారి పంపిన ఎర్రటి రోడ్డు సంగతి తేలింది ఊరి మధ్యవర్తి వీడియో వల్లే. దళారి ఫొటోల్లో రోడ్డు ఒక పక్క మాత్రమే పడింది. ఊగిపోయే వీడియోలో రెండో పక్క ఒక క్షణం మెరిసింది. అక్కడ తూము తలుపు, దాని ఇనుప మర, కింద నీళ్లు. దళారి నాలుగు ఫొటోలూ కాలువకు వీపు పెట్టి తీసినవే.

నిజమైన వీధికి కొన్ని లక్షణాలు ఉంటాయి. ఇళ్ల తలుపులు దాని వైపు తెరుచుకుంటాయి. కరెంటు స్తంభాలు దాని వెంట నడుస్తాయి. మురుగు కాలువో, కనీసం నీళ్లు పోయే గాడో పక్కన ఉంటుంది. ఒక చివర ఇంకో వీధిలో కలుస్తుంది. ఎమ్మిగనూరు దళారి మసక ఫొటోలో ఇవన్నీ ఉన్నాయి. ఎవరింటి ముందో కళ్లాపి చల్లిన తడి కూడా ఉంది. రోడ్డు వేసిన తీరు కన్నా ఆ తడి నమ్మదగిన సాక్ష్యం. అక్కడ మనుషులు దాన్ని తమ వీధి అనుకుంటున్నారు.

వెడల్పు విషయంలో దళారి నోటిమాటను లెక్కలోకి తీసుకోకూడదు. "నలభై అడుగుల రోడ్డు" అన్నప్పుడు అందులో కాలువలు, పక్కింటివాళ్లు ముందుకు జరిపిన అరుగులు, మెట్లు అన్నీ కలిసి ఉంటాయి. దీనికి బాగా పనికొచ్చే సాధనం దళారి ఎక్కి వచ్చిన మోటారుసైకిలే. స్ప్లెండర్ బండి ముందు చక్రం అంచు నుంచి వెనక చివరిదాకా రెండు మీటర్లు, అంటే ఆరున్నర అడుగులు. బండిని రోడ్డుకు అడ్డంగా నిలబెట్టి, రోడ్డు మధ్యలో నిలబడి ఫొటో తీయమంటే చాలు. ఫొటోలో బండి పొడుగును కాగితం ముక్క మీద గుర్తు పెట్టి, అదే ఎత్తులో రోడ్డు మీద ఎన్నిసార్లు పడుతుందో జరుపుకుంటూ పోవాలి. మూడుసార్లు పడితే ఇరవై అడుగులు. బండికి దూరంగా ఉన్న చోట్ల ఈ లెక్క పనికిరాదు, అక్కడ బండి ఇంకా చిన్నగా కనిపించాలి కదా. అందుకే ఇంకో బండి ఫొటో రోడ్డు మొదట్లో, అంటే పెద్దరోడ్డులో కలిసే చోట కావాలి. ప్లాటు ముందు ముప్పై అడుగులుండి, మొదట్లో రెండిళ్ల మధ్య తొమ్మిది అడుగులే ఉంటే ఇటుకల లారీ లోపలికి రాదు. ఆ మొదలును ఏ దళారీ తనంతట తాను ఫొటో తీయడు.

ఇక హక్కు సంగతి కాగితాల్లో ఉంటుంది. రిజిస్ట్రేషన్ దస్తావేజులో నాలుగు దిక్కుల హద్దులు రాసే చెక్కుబందీయే ఫొటోలకు సరైన జోడీ. దారి ఉన్న దిక్కున "రస్తా" అని ఉందా, లేక పక్క రైతు పేరు ఉందా అన్నది చూడాలి. ఫొటోలో దారి కనిపించి, చెక్కుబందీలో ఆ దిక్కున రైతు పేరు ఉంటే, ఆ దారి ఆ రైతు దయ మీద ఉన్నట్టే. సర్వే నంబరు తెలిస్తే మీభూమిలో ఎఫ్‌ఎంబీ పటం, గ్రామపటం చూసుకోవచ్చు. పాత డొంకలు, బండిదారులు వాటిలో గీసి ఉంటాయి. చుట్టూ మూసుకుపోయిన స్థలానికి 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 13వ సెక్షన్ కింద అవసరార్థపు దారి అడిగే వీలుంది. అయితే అది రెండు స్థలాలూ ఒకప్పుడు ఒకే యజమాని చేతిలో ఉండి విడిపోయినప్పుడే వర్తిస్తుంది. పైగా కోర్టు మెట్లెక్కి తెచ్చుకోవలసిన దారి అది.

వాలు దగ్గర కెమెరా పచ్చి అబద్ధాలాడుతుంది. ఫోనును కొంచెం కిందికి వంచి తీస్తే వెనక్కి దిగిపోయే నేల కూడా చదునుగా కనిపిస్తుంది. పల్లంలో నిలబడి మెరక వైపు తీస్తే నేల ఫొటో నిండా పరుచుకుని స్థలం నిండుగా ఉంటుంది. మెరక మీద నుంచి పల్లం వైపు తీస్తే వెనక భాగం మడత పడినట్టు కుదించుకుపోతుంది. ఎక్కువమంది దళారులకు ఈ సంగతి తెలియకపోయినా, "ఏ వైపు నుంచి తీస్తే బాగొస్తుంది" అన్నది చేతికి అలవాటే.

అయినా కొలిచే దారులున్నాయి. మొదటిది పక్కింటి గోడ. గోడలో ఇటుకల వరసలు, సిమెంటు దిమ్మెల వరసలు మట్టంగా పేరుస్తారు. నేల వాలితే ఒక చివర ఎక్కువ వరసలు బయటికి కనిపిస్తాయి. ఎనిమిది అంగుళాల ఎత్తున్న దిమ్మెల గోడలో ముందు చివర ఏడు వరసలు, వెనక చివర తొమ్మిది వరసలు కనబడితే, నేల పదహారు అంగుళాలు దిగింది. గోడ పైఅంచు మెట్లుమెట్లుగా ఉంటే లెక్కే అక్కర్లేదు, కట్టిన మేస్త్రీయే వాలు ఉందని చెప్పేశాడు.

గోడ లేనప్పుడు ఇంకో ఉపాయం, ఈ నల్లరేగడి మైదానాల్లో అది చక్కగా పనిచేస్తుంది. ఆకాశం నేలను తాకే గీత ఎప్పుడూ కెమెరా ఎత్తులోనే ఉంటుంది. ఫోనును ఐదడుగుల ఎత్తున పట్టుకుని తీస్తే, చదునైన నేల మీద నిలబడ్డ ప్రతి వస్తువునూ ఆ గీత ఐదడుగుల దగ్గరే కోస్తుంది. దగ్గరున్నదాన్నీ అంతే, దూరంగా ఉన్నదాన్నీ అంతే. ఫోను వంచినా, వెడల్పు లెన్సు వాడినా ఇది మారదు. ఫొటో అంచుల్లో వంపు వచ్చే చోట మాత్రం నమ్మకూడదు. వెనకున్న మనిషి తల మీదుగా గీత పోతుంటే అతను పల్లంలో ఉన్నాడు. గీత అతని నడుము దగ్గర కోస్తుంటే మెరక మీద ఉన్నాడు.

ఎమ్మిగనూరు దళారి ఫొటోలో కంచె రాతి కడ్డీలు నేల మీదికి ఐదడుగులు ఉన్నాయనుకుందాం. అది అడిగి తెలుసుకోవలసిన కొలత, తీసినవాడి చేతి ఎత్తు కూడా అంతే. ముందున్న కడ్డీ తలను దిగంతపు గీత సరిగ్గా తాకింది. వెనక కడ్డీ దగ్గర గీత కడ్డీ తలకు పైగా పోతోంది. ఆ ఖాళీ, ఫొటోలో కనిపించే ఆ కడ్డీ పొడుగులో నాలుగో వంతు ఉంది. ఐదడుగుల్లో నాలుగో వంతు అంటే అడుగుంపావు. 66 అడుగుల లోతులో నేల అంత దిగింది, దాదాపు నూటికి రెండు. ఆదోని వైపు రాళ్ల గుట్టలు వెనకాల ఉంటే ఈ లెక్క కుదరదు. గుట్ట అంచును దిగంతం అనుకుంటే మెరక పల్లమైపోతుంది. గుట్టలు లేని వైపు తిరిగి తీయించుకోవాలి.

నూటికి రెండు ఎక్కువేం కాదు, పైగా వాన నీరు పోవడానికి కాస్త వాలు ఉండటం మంచిదే. చూడాల్సింది ఎటు వాలింది అన్నది. రోడ్డు వైపు వాలితే నీరు వీధి కాలువలోకి పోతుంది. వెనక్కి వాలితే వెనకవాళ్ల స్థలంలోకి పోవాలి, రేపు వాళ్లు గోడ కడితే మన పెరట్లోనే నిలుస్తుంది. మన ఉదాహరణలో స్థలం వెనక్కి వాలింది. దానికి తోడు పక్కింటి మెట్లు లెక్కపెడితే ప్లాటు ముందు భాగమే రోడ్డు కన్నా అడుగు పల్లంలో ఉన్నట్టు కనిపిస్తోంది. అంటే రోడ్డుకన్నా ముందు అడుగు, వెనక రెండుంపావు అడుగులు తక్కువ, సగటున అడుగున్నర పైచిలుకు. రోడ్డు కన్నా ఒక అడుగు ఎత్తుకు తేవాలంటే సుమారు 5,700 ఘనపుటడుగుల గరుసు కావాలి. ట్రాక్టరు ట్రాలీకి వంద ఘనపుటడుగుల లెక్కన 57 ట్రాలీలు, నీళ్లు కొట్టి తొక్కిస్తే కుంగేది కలుపుకుంటే 70 దగ్గరికి పోతుంది. గరుసు జారిపోకుండా వెనక ఒక రాతిగోడ కూడా కట్టాలి. ఈ ఖర్చు దళారి చెప్పిన ధర పక్కన రాసుకుంటే చవక అనుకున్న ప్లాటు అసలు ధర తెలుస్తుంది. బేరమాడటానికి ఇంతకు మించిన ఆయుధం లేదు కూడా.

అంత వాలుంటే ఎవరైనా మెరక చేసే అమ్ముతారు కదా అనుకోవచ్చు. చేస్తారు, అదే ఇంకో చిక్కు. కొత్తగా పరిచిన ఎర్రటి గరుసు కింద ఏముందో ఫొటో చెప్పదు. ఈ ప్రాంతంలో కింద ఉండేది చాలా చోట్ల నల్లరేగడి. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చేయి పట్టేంత బీటలు తీస్తుంది, పైనున్న గోడల్ని కూడా బీటలు వారుస్తుంది. అలాంటి నేలకోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ, కింది భాగం గుండ్రంగా ఉబ్బిన పైల్ పునాదుల పద్ధతిని రూపొందించింది. గట్టి నేలలో వేసే మామూలు పునాది కన్నా ఖర్చెక్కువ. అందుకే పారతో అడుగున్నర లోతు గుంత తీసి, గుంత గోడ కనిపించేలా ఒక ఫొటో అడగాలి. పైన ఎరుపు, కింద నలుపు అని రెండు రంగులు పడితే విషయం బయటపడ్డట్టే. గరుసు పరిచిన ప్లాటు అంచుల్లో, గరుసు జారిన చోట తొంగిచూసే నలుపు కూడా అదే చెబుతుంది.

ఫోనులోనే ఎత్తు చూసుకోవచ్చంటూ గూగుల్ ఎర్త్ తెరిచేవాళ్లున్నారు. ఇలాంటి చోట్ల ఆ ఎత్తుల లెక్కకు ఎక్కువగా ఆధారం 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి చేసిన రాడార్ సర్వే, ముప్పై మీటర్లకు ఒక చుక్క చొప్పున. పొరపాటు కొన్ని మీటర్ల దాకా ఉంటుంది. ఇరవై మీటర్ల లోతున్న ప్లాటులో అడుగుంపావు వాలు దానికి అందదు. అయితే ఊరి మొత్తం మీద నీరు ఎటు పోతుంది, ప్లాటు ఏ వంక దారిలో ఉంది అన్నది అది బాగా చెబుతుంది. ఇక్కడి వంకలు మొత్తం మీద ఉత్తరాన తుంగభద్ర వైపు మళ్లుతాయి. కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ ప్రో పెట్టుకుంటే పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు కూడా చూడొచ్చు. దారి పదేళ్ల కిందట ఉందా, కిందటేడే పుట్టిందా అన్నది దానితో తేలిపోతుంది. ఈ ఒక్క పని నాలుగు ఫొటోలకు సమానం.

చుట్టుపక్కల విషయంలో చెప్పుకోవలసింది కొంచెమే. అక్కడ మోసమంతా ఫొటోలో లేనిదాంట్లో ఉంటుంది. నాలుగు దిక్కుల ఫొటోలు అడిగితే మూడే వస్తే, నాలుగో దిక్కున శ్మశానమో, ఇటుక బట్టీయో, పెద్ద కరెంటు తీగలో, ఊరి చెత్త పోసే చోటో ఉండొచ్చని అనుమానించాలి. నేల మీది మొక్కలు కూడా నోరు విప్పుతాయి. తుంగ, జమ్ము మొలిచిన చోట నీరు నిలుస్తుంది. నేల మీద తెల్లటి పొడి పూత కనిపిస్తే అది చౌడు, కాలువ ఊట ఉన్న చోట్ల ఎక్కువ. ఉప్పు పట్టిన ఇటుక గోడ అడుగు భాగం కొన్నేళ్లకే రాలిపోతుంది. తీగల విషయంలో స్తంభం మీది పింగాణీ గిన్నెలు చూడాలి. ఇంటి కరెంటు తీగలకు చిన్న గిన్నెలే ఉంటాయి. గిన్నెలు బారుగా వేలాడే కొద్దీ ఓల్టేజీ ఎక్కువ, ప్లాటులో ఇల్లు కట్టకుండా వదలాల్సిన మేర కూడా ఎక్కువ.

తూర్పు వాకిలి, ఉత్తరం వాకిలి అంటే ధర పెరిగే చోట దిక్కు కూడా కొలత కిందికే వస్తుంది. దళారి "తూర్పు ఫేసింగ్" అన్నది ఆగ్నేయం వైపు ఎంత ఒరిగిందో ఫొటోనే చెప్పగలదు. ఉదయం తీసిన ఫొటోలో నీడలు పడమటి వైపు, సాయంత్రం తూర్పు వైపు పడతాయి. పెద్దకడుబూరు 15.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి మే మొదటి వారం నుంచి ఆగస్టు రెండో వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తికి ఉత్తరంగా ఉంటాడు. అప్పటి పొట్టి నీడలు దక్షిణానికి పడతాయి. శీతాకాలపు లెక్కతో చూస్తే ఆ నెలల్లో ఉత్తరం దక్షిణం తారుమారవుతాయి. వేళ తెలియకపోతే ఇళ్ల మీది డిష్ గొడుగులున్నాయి. మన డీటీహెచ్ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖ మీద, ఇక్కడికి తూర్పుగా ఉన్నాయి. కాబట్టి గొడుగులన్నీ దక్షిణానికీ తూర్పుకీ మధ్య ఎటో చూస్తాయి, ఉత్తరానికి ముఖం పెట్టిన గొడుగు ఉండదు. నీడ, గొడుగు రెండూ ఒకే మాట చెబితే దళారి మాటతో పనిలేదు.

వెంచరు ప్లాటయితే చట్టం కొంత అండ. స్థిరాస్తి నియంత్రణ చట్టం, 2016 కింద 500 చదరపు మీటర్లు దాటిన లేఔట్ నమోదు కావాలి. అందులో ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు కూడా నమోదు కావాలి. ప్రకటనలోని తప్పుడు మాటలు నమ్మి డబ్బు కట్టి నష్టపోతే పరిహారం అడిగే హక్కును 12వ సెక్షన్ ఇస్తుంది. ఊళ్లో ఒక రైతు తన ఐదు సెంట్లు అమ్ముకునే చోటికి ఆ అండ రాదు. అక్కడ దళారి ఫొటోకు జవాబుదారీ లేదు, అందుకే పైన చెప్పిన తంటాలన్నీ.

మన ఉదాహరణకు వస్తే రెండు ప్లాట్లకూ లోపాలు తేలాయి. కాలువ పక్క ప్లాటు చదునుగా ఉంది, ఫొటోలూ ముచ్చటగా ఉన్నాయి, దారి మాత్రం దానిది కాదు. వీధిలోని ప్లాటు పల్లంలో ఉంది, ఫొటోలు మసక, దారి గట్టిది. పల్లాన్ని 70 ట్రాలీలతో నింపొచ్చు. లేని దారిని ఎన్ని ట్రాలీలు తోలినా తేలేం. అందుచేత రోడ్డులో తప్పిన ప్లాటును వాలు లెక్కదాకా తీసుకెళ్లడం అనవసరం. వాలులో తప్పినదాన్ని మాత్రం ధర తగ్గించి అడగొచ్చు. చుట్టుపక్కల లోపాల్లో కొన్ని మొదటి రకానివి, కొన్ని రెండో రకానివి. శ్మశానం జరగదు, తుమ్మపొద నరికితే పోతుంది.

ఎమ్మిగనూరు దళారిని ఇంకా అడగాల్సినవి మూడున్నాయి. వీధి మొదట్లో బండి అడ్డంగా పెట్టిన ఫొటో, పారతో తీసిన గుంత ఫొటో, చెక్కుబందీ ఉన్న దస్తావేజు పేజీ. నాలుగోది ఉంది గానీ అది దళారి చేతిలో లేదు. ఈ ప్రాంతపు వానలు జూన్ నుంచి అక్టోబరు దాకా. గట్టి వాన పడ్డ మర్నాటి ఉదయం, ఎండ ఎక్కకముందే, ప్లాటు వెనక మూల నుంచి తీసిన ఫొటో కావాలి. దాన్ని తీయమని దళారికి చెబితే మూడు రోజులు ఆగి తీస్తాడు. ఊళ్లో ఉన్న చిన్నాయన కొడుకుకో, ఆ వీధిలోనే కళ్లాపి చల్లే ఇంటివాళ్లకో ముందే చెప్పిపెట్టుకుంటే వాళ్లు పొద్దున్నే తీసి పంపుతారు. అడ్వాన్సు ఇచ్చే రోజును ఆ వాన తర్వాతికి జరుపుకుంటే అమ్మేవాడికి వచ్చే నష్టమేమీ లేదు. తొందరపెడుతున్నాడంటే ఎందుకో అడిగి తెలుసుకోవాల్సిందే.